పాప గుడ్డ మీద లప్పం రంగు

రంగుల దుకాణంలో డబ్బాలు కలిపే మా బావగారు ఏ రంగునూ మామూలు పేరుతో పిలవకపోవడం మానవజాతి చరిత్రలో ఒక ప్రత్యేక అధ్యాయం. ఆకాశం ఆయనకు 'లేత నీలం, రెండో పూత'. అక్క విసిగిపోయి ఉండగా పాప పుట్టింది.

మూడు వారాలైనా పాప కళ్లలో పసుపు పోలేదు.

"చంటిపిల్లలకు మామూలేరా, అదే పోతుంది" అంది అక్క అత్తగారు.

బావగారు పాప దొడ్డికెళ్లిన గుడ్డ విప్పి చూశారు. "అమ్మా, ఇందులో పసుపే లేదు. గోడకు పెట్టే తెల్ల లప్పంలా ఉంది!"

"ఛీ, దాన్నీ వదలరా?" అంది అక్క.

ఆయన ఆ గుడ్డతోనే ఆసుపత్రికి బయలుదేరారు. డాక్టరమ్మ నవ్వలేదు. వెంటనే రక్తపరీక్ష, స్కానింగ్ రాసింది.

"మలానికి రంగునిచ్చే పైత్యరసం కాలేయం నుంచి పేగులోకి దిగే గొట్టం మూసుకుపోయిందని అనుమానం బాబూ. అది లోపలే నిలిచిపోతే కాలేయం గట్టిపడిపోతుంది. రెండు నెలల్లోపు ఆపరేషన్ చేస్తే రసం దిగే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే కాలేయమే మార్చాల్సి రావచ్చు."

అనుమానం నిజమైంది. సర్జన్ పాడైన గొట్టం తీసేసి, పేగును నేరుగా కాలేయానికి కలిపారు. కొన్నాళ్లకు వార్డులో అక్క కేక పెట్టింది. "ఏమండీ, పచ్చగా వెళ్లింది!"

అందరం పరుగెత్తాం. "రసం దిగుతోంది. ఇంకా కొన్నేళ్లు చూపిస్తూ ఉండాలి సుమా" అని డాక్టరమ్మ కూడా నవ్వింది. అత్తగారు మనవరాలిని ఒళ్లో వేసుకుని ఏడుస్తూ నవ్వింది. ఆ గుడ్డ చేతులు మారుతూ వార్డంతా ఊరేగింది.

ఈ సంబరంలో పాపకు వేరే గుడ్డ కట్టడం ఎవరికీ గుర్తుకు రాలేదు. అత్తగారి చీర తడిసింది.