దీపాల వెలుగులో వదిన మొహం

మా వదిన ఎవరితో మాట్లాడుతున్నా ముందు వాళ్ళ ముక్కు కింద చూస్తుంది. అక్కడ నీడ ఎటు పడిందో చూస్తే వెలుతురు ఎటునుంచి వస్తోందో తెలుస్తుందట. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చూపు చూసి మా అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "నా మూతికేమైనా అంటుకుందా? ఈ పిల్ల అదేపనిగా చూస్తోందేమే?" అని అడిగింది. ఫోటో స్టూడియోలో ఫోటోలు దిద్దే పని చేసిన మనిషని తెలుసు కానీ, ఆ పని ఇంటిదాకా వెంటపడి వస్తుందని మాకేం తెలుసు!

ఇప్పుడు ఆ స్టూడియోను ఆవిడే నడుపుతోంది. నేను కౌంటర్లో కూర్చుంటాను, వచ్చేవాళ్ళతో మాట్లాడతాను, అవసరమైతే పోట్లాడతాను. మా అన్నయ్య లారీ డ్రైవరు. పండుగలొచ్చాయంటే ఊరంతా ఇంటికి వస్తుంది, ఆయన మాత్రం రోడ్డెక్కుతాడు, ఎందుకంటే సరుకు కదిలేది అప్పుడే. వదినకూ ఊపిరాడనిది అప్పుడే. కిందటేడు ఎలాగో పండుగనాటికి ఇల్లు చేరాడు కానీ, మంచమెక్కి మళ్ళీ బయల్దేరేదాకా నిద్రపోయాడు. వదిన షాపులోనే ఉండిపోయింది. ఇదీ వాళ్ళ కాపురం.

ఒకప్పుడు కుటుంబంలో ఎవరైనా ఊళ్ళో లేకపోతే వాళ్ళ ఫోటో విడిగా తెప్పించి, జుట్టు అంచులు కూడా చెదరకుండా కత్తిరించి, అందరి మధ్యా అతికించేది వదిన. ఇప్పుడు అదే పని కంప్యూటరుకు మాటల్లో చెప్పి చేయిస్తోంది. మనుషుల ఫోటోలు జతచేసి, ఏం కావాలో రాయాలి. ప్రాంప్ట్ అంటారు దాన్ని. నిమిషంలో బొమ్మ వచ్చేస్తుంది. పని తేలికైపోయింది కదా అనుకునేరు! వచ్చిన బొమ్మ మనవాళ్ళలా ఉండాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

ఈసారి పండుగ ముందు చెప్పుల కొట్టాయన వచ్చాడు. ఇంటిల్లిపాదీ దీపాల ముందు కూర్చున్నట్టు, వెనక పూలు, సాయంత్రం వెలుగు. అందరూ అడిగేది అదే. కానీ ఆయన తెచ్చిన వాళ్ళమ్మగారి ఫోటోలో ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఉంది.

"అద్దాలు తీసేసి కళ్ళు కనబడేట్టు చెయ్యండమ్మా," అన్నాడు.

"ఆవిడ కళ్ళెలా ఉంటాయో దానికి తెలీదు కదండీ," అంది వదిన. "ఫోటోలో లేనిదాన్ని దానికి తోచినట్టు పెట్టేస్తుంది. ఇంకో ఫోటో తెండి."

"తోచినట్టే పెట్టమనండి, మంచివే పెడుతుందిగా!"

నాకు నవ్వాగలేదు. వదిన మాత్రం నవ్వలేదు. మళ్ళీ ఓపిగ్గా మొదటినుంచీ చెప్పింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఓపిక నాకుంటే నేనెప్పుడో బాగుపడేదాన్ని.

ఆ మధ్యాహ్నమే అన్నయ్య ఫోన్ చేశాడు. ఎక్కడో సరుకు దించడానికి వరసలో ఆగి ఉన్నాడు.

"ఏమోయ్, ఊళ్ళోవాళ్ళందరికీ చేసిపెడుతున్నావుగా, మనకీ ఒకటి చేసి పంపవే. అమ్మా, పిల్లా, నువ్వూ నేనూ. పండుగనాడు బండిలో పెట్టుకుని చూసుకుంటా. మనం నలుగురం కలిసున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు."

వదిన సరేనంది. ఫోన్ పెట్టేసి మళ్ళీ పనిలో పడింది. ఈసారి పండుగకి రావడం లేదని ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. ఫోటో అడగడంతోనే ఇద్దరికీ తెలిసిపోయింది. నాకు మాత్రం కోపం ముంచుకొచ్చింది, ఎవరిమీదో చెప్పమంటే చెప్పలేను.

మర్నాడు కాస్త తెరిపి దొరకగానే మొదలుపెట్టింది. అమ్మ ఫోటో గుమ్మంలో తనే తీసింది. వాళ్ళ పిల్లది పొద్దున స్కూలుకు బయల్దేరేముందే తీసి ఉంచింది. అన్నయ్య పెట్రోలు బంకులో నిలబడి తీయించుకుని పంపాడు, మూతి బిగించుకుని. ఇక వదినది కావాలి. కంప్యూటరంతా వెతికింది. ఊరి మొహాలన్నీ ఉన్నాయి అందులో, ఈవిడ మొహం లేదు. ఎప్పుడూ కెమెరా వెనకాలుండే మనిషి కదా! చివరికి పెళ్ళి ఫోటో జతచేసి రాయడం మొదలెట్టింది. నేను భుజం మీదనుంచి చూస్తూ చదివాను.

"మొదటి ఫోటోలోని పెద్దావిడ మధ్యలో కుర్చీలో. రెండో ఫోటోలోని పాప ఆవిడ ఒడికి ఆనుకుని. మూడో ఫోటోలోని మగమనిషి, నాలుగో ఫోటోలోని ఆడమనిషి వెనక పక్కపక్కనే నిలబడి ఉన్నారు. ఎవరి ముఖం పోలిక, వయసు వాళ్ళదే, మార్చవద్దు. ముందు వరసగా వెలిగించిన దీపాలు, ఆ వెలుగు కింద నుంచి ముఖాల మీద మెత్తగా పడాలి. వెనక గోడకు పసుపు, తెలుపు పూలు. పొద్దు వాలే వేళ వెలుగు ఎడమ పక్కనుంచి, అందరి మీదా ఒకేలా. వెలుగు పసుపుగా ఉండాలి, ఒంటి రంగు మాత్రం ఫోటోల్లో ఉన్నదే. అందరూ నవ్వుతున్నారు."

"మూడో ఫోటో, నాలుగో ఫోటో అని అంత వివరంగా ఎందుకు?" అన్నాను.

"చెప్పకపోతే ఒకరి ముక్కు ఇంకొకరికి పెడుతుంది. మీ అమ్మగారి ముక్కు నాకొచ్చిందంటే ఇంట్లో ఉండనిస్తారా?" అంది.

బొమ్మ వచ్చేసరికి అమ్మ క్యారేజీ పట్టుకుని షాపులోకి వచ్చింది. తెరవైపు వంగి చూసి, "మావాడి పక్కన ఈ కొత్త పెళ్ళికూతురెవరే? మళ్ళీ చేసుకున్నాడా ఏమిటి, నాకు చెప్పకుండా!" అంది.

అన్నయ్య మీసంలో తెల్లవెంట్రుకలు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఆయన పక్కన పెళ్ళినాటి వదిన, నిండా పాతికేళ్ళు లేని పిల్ల. వయసు మార్చవద్దంది, అది మార్చలేదు. నేనూ అమ్మా కడుపుబ్బ నవ్వాం. వదిన పెళ్ళి ఫోటో తీసేసి, దాని బదులు "నలభై దాటిన ఆడమనిషి" అని రాసింది. ఈసారి సబ్బు ప్రకటనలోంచి దిగివచ్చినట్టు ఎవరో ఒకావిడ వచ్చి నిలబడింది. చక్కగా ఉంది, పాపం, ఆవిడ్ని తప్పుపట్టడానికేం లేదు.

స్కూలు నుంచి వచ్చిన పిల్ల బ్యాగు దించకుండానే చూసి, "నాన్నా, నానమ్మా, నేనూ ఉన్నాం. అమ్మేదీ?" అంది.

వదిన మొహం వాడిపోయింది. "పోనీలే, ఉన్నవాళ్ళతోనే పంపేద్దాం. ఆయనకి నా మొహం తెలీకా?" అంటూ తన గురించి రాసిన మాటే చెరపబోయింది.

అంతే, నా నోరు ఆగలేదు. "నీకేమైనా మతిపోయిందా వదినా? ఊరందరి మొహాలూ దిద్దిపెట్టావు, నీ మొహం ఏం పాపం చేసింది? లే, ఇటొచ్చి నిలబడు!"

"జుట్టు చూడు ఎలా ఉందో..."

"ఉంటే ఉండనీ!"

చెయ్యి పట్టుకుని లేపాను. ఇంత గొడవలోనూ తనే కిటికీ వైపు తిరిగి నిలబడింది, వెలుతురు మొహం మీద సరిగా పడాలని. నా ఫోన్లో తీసి చూపించాను. చాలాసేపు చూసింది.

"ఇలా ఉన్నానా నేను?"

కళ్ళకింద నల్లగా గుంటలు పడ్డాయి. చెంపలు లాగేశాయి. రోజూ పక్కనే కూర్చునేదాన్ని, నాకూ అప్పుడే కనబడింది. "బాగానే ఉన్నావులే," అన్నాను.

ఆ ఫోటో జతచేసి మళ్ళీ నడిపించింది. ఈసారి వదినే వచ్చింది. పిల్ల చప్పట్లు కొట్టింది. వదిన మాత్రం బొమ్మను పెద్దది చేసి నోటి దగ్గర ఆగింది.

"ఈ నవ్వు నాది కాదు," అంది. "నవ్వమన్నాను, నా నవ్వు దానికి చూపించలేదు. ఎవరి పళ్ళో తెచ్చి పెట్టింది. నవ్వితే చెంపలు కూడా కదలాలిగా, అందుకని కళ్ళకింద కూడా నున్నగా చేసేసింది."

"అయితే నువ్వు నవ్విన ఫోటో ఒకటి ఇద్దాం. ఏదీ, నవ్వు!"

ప్రయత్నించింది. నేను ఫోన్ పట్టుకునే ఉన్నాను. పెదాలు కదిలాయి, అక్కడితో ఆగిపోయాయి. "వద్దులే అమ్మాయ్," అని కుర్చీలో కూలబడింది. "నావల్ల కాదు. ఇవాళ కాదు."

ఆ తర్వాత మెల్లగా "అందరూ నవ్వుతున్నారు" అన్నది చెరిపేసింది. "పెద్దావిడ, పాప, మగమనిషి నవ్వుతున్నారు. నాలుగో ఫోటోలోని ఆడమనిషి నవ్వటం లేదు. ఆమె ముఖం, కళ్ళకింది నీడలతో సహా, ఫోటోలో ఉన్నట్టే ఉంచాలి," అని రాసింది.

వచ్చిన బొమ్మలో దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. పూలు గోడనిండా విరబూసి ఉన్నాయి. అమ్మ, పిల్ల వాళ్ళలాగే ఉన్నారు. అన్నయ్య పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతున్నాడు. ఆయన పక్కన మా వదిన, అచ్చం మా వదినే, పచ్చటి వెలుగులో అలిసిపోయి నిలబడి ఉంది.

"పండుగపూట ఈ మొహం పంపిస్తే ఏమనుకుంటారో," అంది. నాకు కోపమొచ్చి ఆవిడ చేతిలోంచి మౌస్ లాక్కుని నేనే పంపించేశాను.

కాసేపటికి అన్నయ్య ఫోన్. వదిన రెండు చేతులా ప్రింట్లు పట్టుకుని ఉందని నేనే స్పీకరు పెట్టాను. అటునుంచి లారీల హారన్లు వినబడుతున్నాయి.

"వచ్చిందా?" అంది వదిన. "బాలేదా?"

"ఇంతలా అలిసిపోయావేంటే?"

"దీపాల వెలుగు కిందనుంచి పడింది కదా, అందుకని అలా కనబడుతున్నాను."

"వెలుగు సంగతి నాకు తెలీదు. నీ మొహం నాకు తెలుసు."

వదిన చేతిలోని ప్రింట్లు బల్లమీద పెట్టేసింది. తల వంచుకుంది. నేను అక్కడినుంచి లేచి వెళ్ళాల్సింది, వెళ్ళలేదు.

"ఒక పని చెయ్యి," అన్నాడు అన్నయ్య. "నా నవ్వు కూడా తీసెయ్."

"అదేంటండీ, పండుగ ఫోటో..."

"నీ పక్కన నేనొక్కణ్ణే పళ్ళికిలించుకుని నిలబడితే ఏం బావుంటుందే? నాకూ ఒళ్ళు హూనమైపోయింది. నువ్వు దాచుకోలేదు. నేనెందుకు దాచుకోవాలి?"

ఇన్నేళ్ళలో అలిసిపోయానని మా అన్నయ్య నోటివెంట నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడడిగినా "బ్రహ్మాండంగా ఉన్నా" అనే మనిషి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వదిన కూడా ఏడుస్తూనే కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "మగమనిషి కూడా నవ్వటం లేదు, ముఖం ఫోటోలో ఉన్నట్టే," అని రాసింది. పెద్దావిడ, పాప నవ్వుతున్నారన్న మాట అలాగే ఉంచింది.

బంకులో మూతి బిగించుకున్న మొహమే దీపాల ముందుకు వచ్చింది. ఈసారి బొమ్మలో వాళ్ళిద్దరూ మొగుడూపెళ్ళాల్లా ఉన్నారు.