ఆడపడుచు లాంఛనం

మా నాన్నగారు పాస్టరు. కొవ్వూరు దగ్గర కాలవ గట్టు మీద ఉన్న చిన్న గుడిలో పనిచేసేవారు. ఏటా వేసవి పెళ్ళిళ్ళకు ముందు ఒక ఆదివారం, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న కుటుంబాలన్నిటినీ ముందు వరసల్లో కూర్చోబెట్టి కట్నం మీద ప్రసంగం చేసేవారు. నాకది కంఠతా వచ్చు. పూర్వకాలపు భక్తుడొకడు పిల్లను చేసుకోవడానికి మామగారి దగ్గర ఏడేళ్ళు గొర్రెలు కాశాడనీ, మీ అబ్బాయిని ఏడు రోజులు కాయమంటే కాస్తాడా అనీ అడిగేవారు. అందరూ నవ్వేవాళ్ళు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ చట్టం ముందు దోషులేననేవారు. చివర్లో గొంతు తగ్గించి, "మీ కూతురు దేవుడిచ్చిన కానుకండి. కానుకతో పాటు ఎదురు డబ్బులు అడిగేవాణ్ణి ఏమంటారండి?" అనేవారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

ఆ ప్రసంగంలో కట్నం అన్న మాట ఇరవైసార్లు వచ్చేది. లాంఛనం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను.

మా అన్నయ్యకు కాకినాడలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న అమ్మాయి కుదిరింది. వాళ్ళ నాన్న ఒక ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. మాటలు మోసింది మా సంఘంలోని బైబిలు స్త్రీ. ఇంటింటికీ తిరిగి ప్రార్థనలు చేసే పెద్దావిడ, ఆ తిరుగుడులోనే సంబంధాలూ కుదిర్చేది. అమ్మ ఆవిడతో నా ఎదురుగానే అంది: "కట్నం ఊసే వద్దండి. అయ్యగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఆడపడుచు లాంఛనం మాత్రం వాళ్ళ ముచ్చట. ఒక్కతే ఆడపడుచు కదండీ."

ఆ ఒక్కతే ఆడపడుచును నేను. పెళ్ళికొడుకు చెల్లెలికి పెళ్ళికూతురి తరపువాళ్ళు ఇచ్చేది లాంఛనం. ఒకప్పుడు చీరా రవికా అయి ఉంటుంది. మా ఇంటికొచ్చేసరికి, దాని బరువు కాబోయే మా అత్తవారు కోరినదానితో సరిగ్గా సరిపోయింది. నాకు అప్పటికే రాజమండ్రిలో సంబంధం ఖాయమై ఉంది. వాళ్ళూ కట్నం అడగలేదు. "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టమండి" అన్నారు, ఆ ఇష్టం ఎంత ఉండాలో ఇదే బైబిలు స్త్రీతో కబురు పంపారు. అన్నయ్య పెళ్ళయిన రెండు వారాలకు నా పెళ్ళి. ఆ లాంఛనం రాకపోతే నా పెళ్ళి లేదు. ఇంట్లో ఎవరూ ఈ ముక్క పైకి అనలేదు. నాకు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం ఉంది, జీతం ఉంది, నోరు ఉంది. నేనూ అనలేదు.

మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని. అన్నయ్యకు మూడో ప్రకటన పడిన ఆదివారమే నాన్నగారి ప్రసంగం కూడా వచ్చింది. పెళ్ళికూతురు, వాళ్ళ నాన్న ఆ రోజు ఆరాధనకు మా గుడికి వచ్చారు. లాంఛనంలో మొదటి సగం ఆ రోజే అందాలని అమ్మ మాట. ఫోన్‌లో వెయ్యొద్దు, ఆనవాలు ఉండిపోతుంది, ఆరాధన అయ్యాక కవర్లో పెట్టి చేతికియ్యమని చెప్పించింది. ఎవరి కంటా పడకుండా ఉంటుందని బైబిలు స్త్రీ పెళ్ళికూతురి నాన్నకు గుడి కవరే ఒకటి ఇచ్చింది. కృతజ్ఞతార్పణలు వేసే తెల్ల కవరు. దాని మీద పేరు, ఉద్దేశం, ప్రార్థన మనవి అని మూడు గీతలు అచ్చువేసి ఉంటాయి.

ఆయన అటెండరు. ముప్పై ఏళ్ళుగా ఆఫీసులో ఏ ఫారం మీదా గీత ఖాళీగా ఉండనివ్వని మనిషి. మూడు గీతలూ నింపాడు.

ప్రసంగం అయింది. కానుకల పాట మొదలైంది. సంచి పట్టుకుని వచ్చిన సంఘ పెద్ద, పెళ్ళికూతురి నాన్న జేబులోంచి కనబడుతున్న గుడి కవరు చూసి అక్కడే ఆగాడు. ఆ తండ్రి మా అమ్మ వైపు చూశాడు. అమ్మ కళ్ళు మూసుకుని పాడుతోంది. పరాయి ఊరి గుడి, వియ్యాలవారి గుడి, అందరూ చూస్తున్నారు. కవరు తీసి సంచిలో వేసేశాడు.

మా గుడిలో కవర్ల మీద రాసినవి పైకి చదివి, ఒక్కొక్క కుటుంబం కోసం ప్రార్థిస్తారు. నాన్నగారు వరసగా చదువుకుంటూ పోతున్నారు. పుట్టినరోజు కృతజ్ఞత. కొత్త బండి కొన్నందుకు. ఆపరేషన్ బాగా జరిగినందుకు. తరవాత కవరు తీసి అదే గొంతుతో పెళ్ళికూతురి తండ్రి పేరు చదివి, "ఉద్దేశం: వరుని చెల్లెలి గారికి ఆడపడుచు లాంఛనం, మొదటి సగం. ప్రార్థన మనవి: మిగతా సగం సమకూడుటకు" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నాన్నగారు కవరును తిప్పి చూశారు, వెనక ఇంకేదో రాసి ఉంటుందన్నట్టు. తరవాత నన్ను పేరు పెట్టి పిలిచారు. "అమ్మా, ఇది నీ పేరున ఉంది. ఇలా రా" అన్నారు.

ఆయన నన్ను ఎందుకు పిలిచారో నాకు తెలుసు. ఆ కవరు నేను వెనక్కి ఇస్తానని. ఇరవై ఆరేళ్ళు ఆ ప్రసంగం విన్న కూతుర్ని కదా. తను చెయ్యలేని పని నా చేత చేయించాలనుకున్నారు. లేచి నడిచాను. సిగ్గు వేస్తుందనుకున్నాను, కోపం వస్తుందనుకున్నాను. ఏదీ రాలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది. కవరు అందుకున్నాను. పెళ్ళికూతురి నాన్న కూర్చున్న బెంచీ నా కుడిచేతి వైపు నాలుగడుగుల్లో ఉంది. ఆయన తల వంచుకుని ఉన్నాడు. ఆయన పక్కనుంచి నడిచి, నా చోటికి వెళ్ళి కూర్చుని, కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు వేశాను.

నాన్నగారు కాసేపు నా వైపే చూశారు. తరవాత రిజిస్టరు తెరిచి మూడో ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని ఆగారు. మామూలుగా ఒక్క ఊపిరి సేపు ఆగుతారు. ఆ రోజు చాలాసేపు ఆగారు. తన అభ్యంతరం ఆయన ఎవరికి చెప్పుకుంటారు? "అభ్యంతరం లేదు గనుక" అని చదివి రిజిస్టరు మూసేశారు. ఆ తరవాత ఆయన కట్నం మీద ప్రసంగం మళ్ళీ చెయ్యలేదు. నేనూ అడగలేదు. రెండు పెళ్ళిళ్ళూ అనుకున్న రోజుకే అయ్యాయి.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే పెళ్ళికూతురు నా దగ్గరికి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినగారూ, మా నాన్నకి తెలీదండి, అది సంచిలో వెయ్యకూడదని. మీకు అందరి ముందూ చిన్నతనం అయిపోయింది. ఏమీ అనుకోకండి" అంది.

"పర్లేదులెండి" అన్నాను.