పాటల ఫోల్డర్‌లో తెరుచుకున్న ఫైలు

ఆ రోజు పొద్దున్నే మా మేనేజర్ గారి మీద నోరు పారేసుకున్నాను. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, చర్చిలో పాటలు మొదలుపెట్టేది ఆయనే, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. అవేవీ నాకు అడ్డు రాలేదు. కోపం వస్తే నాకు వెనకా ముందూ కనబడదు. మా అమ్మ ఈ మాట అనీ అనీ అలిసిపోయింది.

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఉండే చిన్న చారిటీ దవాఖానా మాది. అక్కడ కంప్యూటర్ల పనంతా నాదే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నేనే, వైఫై రాకపోయినా నేనే. మా మెయిళ్ళూ ఫైళ్ళూ అన్నీ ఇంటర్నెట్‌లోనే ఉంటాయి, ఎక్కడి నుంచైనా పాస్‌వర్డ్ కొట్టి తెరుచుకోవచ్చు. ఆ పొద్దున పాస్టర్ గారు ఫోన్ చేసి, "ఏం డాక్యుమెంట్ పంపిండు మీ మేనేజరు? నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతంది" అన్నారు. ఆ వెంటనే ఇంకో ఇద్దరు ఫోన్ చేశారు. మేనేజర్ గారు ఎవరికీ ఏమీ పంపలేదు. కాకపోతే ముందు రోజు ఆయనకూ అలాంటి మెయిలే వచ్చింది. ఆయన నొక్కాడు, పాస్‌వర్డ్ ఇచ్చాడు, ఫోన్‌కి వచ్చిన కోడ్ కూడా టైపు చేశాడు. అవి పట్టుకుని ఎవడో దొంగ ఆయన అకౌంట్‌లోకి దూరాడు.

"కోడ్ ఎందుకు కొట్టిండ్రు సార్? అది ఎవ్వలకు చెప్పొద్దని గోడకు కాగితం అంటించిన గదా!"

"ఎవ్వలకు చెప్పలేదమ్మా, ఆ స్క్రీన్ అడిగితే కొట్టిన" అన్నాడాయన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. ఇంకో నాలుగు మాటలు అని ఆయన్ని ఇంటికి పంపేశాను.

తర్వాత చేయాల్సినవి గబగబా చేశాను. పాస్‌వర్డ్ మార్చాను. ఆ అకౌంట్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో అన్నిచోట్లా ఒక్క దెబ్బకు మూయించాను. మెయిల్‌లో వాడు పెట్టిపోయిన ఒక రూల్ దొరికింది. ఎవరైనా "ఇది నువ్వే పంపావా" అని జవాబిస్తే, అది మేనేజర్ గారి కంట పడకుండా పక్క ఫోల్డర్‌లోకి పోయేట్టు పెట్టాడు. దాన్ని పీకేశాను. అంతటితో దొంగ బయటికి పోయినట్టే. లోపల ఉన్నంతసేపు ఏం చూశాడన్నదే తేలాలి.

మా పెద్ద డాక్టరమ్మ నా కుర్చీ వెనక నిలబడింది. ఆవిడ భయం ఒక్కటే. మా దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ జాబితా ఒకటి ఉంది. వాళ్ళకు మందులిచ్చేది సర్కారు దవాఖానా. బస్సు ఎక్కించి తోడు తీసుకెళ్ళేది, నెల తప్పకుండా గుర్తుచేసేది మా సిస్టర్. అందుకే పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ ఆ జాబితాలో రాసి ఉంటాయి. ఇల్లందు వైపు చిన్న పల్లెల్లో ఆ మాట ఒక్కసారి పొక్కితే మనిషిని కూలికి పిలవరు, పెళ్ళికి పిలవరు, బోరింగు దగ్గర బిందె ముట్టుకోనివ్వరు.

"నాకు లిస్టు ఒక్కటి చెప్పు. వాడు అది తెరిచిండా లేదా?" అంది డాక్టరమ్మ.

అది చెప్పేది ఆడిట్ లాగ్. ఎవరు, ఏ ఫైలు, ఎప్పుడు, ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి, తెరిచారా, డౌన్‌లోడ్ చేసి దించుకున్నారా అన్నది వరసలు వరసలుగా దాంట్లో పడుతుంది. వెంటనే పడదు, కొన్ని వరసలు ఆలస్యంగా వస్తాయి. అందుకని మధ్యాహ్నం దాకా ఆగి, మొత్తం ఎక్సెల్‌లోకి దించాను. అందులో గంటలు మన గంటలు కావు, ప్రతిదానికీ ఐదున్నర గంటలు కలపాలి. కలిపాను. మేనేజర్ గారు అదే సమయంలో మా ఆఫీసులోనే కూర్చుని పని చేశాడు కాబట్టి ఆయన వరసలూ దొంగ వరసలూ కలగలిసి ఉన్నాయి. వాడు లోపలికి వచ్చినప్పుడు పడ్డ సెషన్ నంబరు పట్టుకుని, ఆ నంబరున్న వరసలే విడదీశాను. చిరునామా మారినా ఆ నంబరు మారదు. ఇంత తెలివిగా చేస్తున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

వాడు గంటన్నర పైగా ఉన్నాడు. బిల్లులు చూశాడు, జీతాల పట్టిక చూశాడు, మందుల ఆర్డర్లు చూశాడు. లిస్టు ఉండాల్సిన "రోగుల వివరాలు" అనే ఫోల్డర్ మీద ఒక్క వరస కూడా లేదు. రెండుసార్లు వెతికాను. మిగిలినవి పాటల ఫోల్డర్‌లోవి, స్టాఫ్ ప్రార్థనకి అందరం వాడుకునేవి. ఈస్టర్ పాటలు, పెళ్ళి పాటలు, "క్రిస్మస్ పాటలు పాతవి". నాకు నవ్వొచ్చింది. నడి వానాకాలంలో క్రిస్మస్ పాటలు దించుకుపోయే దొంగను ఎక్కడా చూడలేదు. షీట్‌లో ఫిల్టర్ పెట్టి ఆ ఫోల్డర్‌ని మొత్తంగా తీసేశాను. తీసేశాక మిగిలిన షీట్ శుభ్రంగా, పొట్టిగా కనిపించింది.

"లిస్టు ముట్టలేదు మేడం" అన్నాను. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని "దేవునికి స్తోత్రం" అంది. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం వంటగదిలోకి పోయి అన్నం తిన్నాం. మా వంట అక్క పప్పు వేస్తూ, "ఏందే చెల్లె, పొద్దుగాల అట్ల అరిసినవ్, పాపం పెద్దాయన ఏడ్చినంత పనాయె" అంది. ఆమె మా దగ్గర వండబట్టి ఎనిమిదేళ్ళు. మొగుడు పోయాక అన్నావదినల ఇంట్లో ఉంటూ, రోజూ ఆటోలో వచ్చి రోగులకూ మాకూ వండిపెట్టి పోతుంది. సాయంత్రం సారీ చెప్తానులే అని ఆమెకు మాటిచ్చాను.

సిస్టర్ నాలుగు గంటలకు వచ్చింది. పొద్దున్నే అడవిలోపలి గూడేనికి పోయింది, అక్కడ సిగ్నల్ ఉండదు, జరిగిందేదీ ఆమెకు తెలియదు. బండి దిగి చెప్పుల బురద దులుపుకుంటుంటే నేనే చెప్పాను, కథలా చెప్పాను. చివర్న నవ్వుతూ, "దొంగకు భక్తి ముదిరింది సిస్టర్, క్రిస్మస్ పాటలు కూడా దించుకున్నడు" అన్నాను.

ఆమె నవ్వలేదు. చేతిలో చెప్పు అలాగే ఉంది.

"ఏ పాటలు?"

"పాతవి. క్రిస్మస్ పాటలు పాతవి అని ఉంది."

"అదే లిస్టు" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. "ఏది లిస్టు?" అన్నాను పిచ్చిదానిలా. ఆమె మెట్టు మీద కూలబడి చెప్పింది. రోగుల ఫోల్డర్‌ని రిపోర్టులకని అందరూ తెరుస్తారు, ట్రైనింగ్‌కి వచ్చే నర్సింగ్ పిల్లలు కూడా తెరుస్తారు. ఒకసారి ఒక పిల్ల ఆ జాబితా తెరిచి గట్టిగా పేరు చదవబోయిందట. అప్పుడు సిస్టర్ దాన్ని అక్కడి నుంచి తీసి, పేరు మార్చి, పాటల్లో పెట్టింది. పాత క్రిస్మస్ పాటలు ఎవరు తెరుస్తారని ధైర్యం. నిజంగానే రెండేళ్ళుగా ఎవరూ తెరవలేదు. డాక్టరమ్మకు కూడా చెప్పలేదు.

పేరు చూసి మోసపోయేది మనుషులు. వాడు బహుశా ఫోన్ నంబర్ల కోసం వెతికి ఉంటాడు. వెతికే పెట్టె ఫైలు పేరు ఒక్కటే చూడదు, లోపల రాసింది కూడా చూస్తుంది. పేరు చూసి మోసపోయింది నేను. ఫిల్టర్ పెట్టి నా చేత్తో నేనే తీసేశాను. వెనక్కి పరిగెత్తి ఆ ఫిల్టర్ తీసేస్తే వరసలు మళ్ళీ వచ్చాయి. తెరిచాడు. నిమిషం తర్వాత దించుకున్నాడు. డాక్టరమ్మ చేత దేవునికి స్తోత్రం చెప్పించింది నేనే.

ఆ తర్వాత నేను చేసింది ఇంకా ఘోరం. ఆ ఫైలులో ఆ రోజు ఏమేం ఉన్నాయో చూడాలి కదా, అలవాటుగా దాని మీద నొక్కాను. "ఆగు, నువ్వు తెరవకు, నేను చూస్త" అని సిస్టర్ వెనక నుంచి అరిచేసరికే తెరుచుకుంది. మూడో వరసలో మా వంట అక్క పేరు ఉంది. ఊరు ఉంది, ఫోన్ నంబరు ఉంది. చివరి గడిలో "ఇంట్లో తెలియదు" అని రాసి ఉంది.

మూసేశాను. ఏం లాభం? కాసేపటికి లాగ్ మళ్ళీ తెరిస్తే, వాడి వరసల కింద అదే ఫైలు పక్కన నా పేరు పడి ఉంది.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. పోలీసు ఫిర్యాదు ఆవిడే రాసింది. జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పాలని అంది. మర్నాడు వంట అక్కతో మొదలుపెట్టారు. ఏం జరిగిందో కంప్యూటర్ సంగతి వివరంగా చెప్పడానికి నన్ను ఉండమన్నారు. ఉండనన్నాను. వంట అక్కే "చెల్లెను పిలువుండ్రి" అందట.

నేను చెప్పినంతసేపూ ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, అవి తడిగా లేకపోయినా.

"వాడు ఏడుంటడు?"

"ఎరుక లేదక్క. ఏ దేశమో కూడా తెల్వదు."

"మా అన్నావదినలు వానికి ఎరికేనా?"

"లేదక్క. వాడు ఫోన్ నంబర్ల కోసం చూసి ఉంటడు. ఎవరన్న ఫోన్ చేసి బెదిరిస్తే వెంటనే మాకు చెప్పు, భయపడకు."

"వానికి నేనెందుకు భయపడ్త? వాడు నన్ను చూడలె, నేను వాణ్ణి చూడలె." చేతిలో కొంగు వదిలేసింది. "నువ్వు చదివినవా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"అవ్ అక్క. చదివిన."

ఆమె తల ఊపింది. కోపంగా ఊపలేదు, కోపమైతే నేను తట్టుకునేదాన్ని.

"ఎనిమిదేండ్ల నుంచి నా చేతి అన్నం తిన్నవ్. ఏ ఒక్కనాడు నీ మొఖం దిక్కు చూసి వడ్డియ్యలె, ఉత్తగ వడ్డించిన. రేపటి సంది నీ మొఖం చూస్త చెల్లె. ముద్ద నోట్లె పెట్టుకునే ముందు ఆగుతవా అని చూస్త."

ఆగనక్కా అన్నాను. ఆమె అప్పటికే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.