గీత లేని ఫొటో

బందరులో రొయ్యపిల్లల్ని పరీక్షించే ల్యాబులో సుభాషిణి టెక్నీషియన్. ఉప్పునీటి రొయ్యల చెరువు గట్టున పెరిగిన పిల్ల. తెల్లమచ్చ తెగులొచ్చి వాళ్ళ నాన్న చెరువు ఎత్తేసిన ఏడే ఈ చదువు ఎంచుకుంది. మనిషి మెత్తన, మాట మాత్రం కరుకు. ఆ కరుకుదనం నాకిష్టం.

మన రైతులకు ఫొటోల పిచ్చి. నమూనాలోని డీఎన్‌ఏని గీతలుగా చూపించే జెల్ ఫొటో ఫోన్‌లోకి వస్తే చాలు, జాతకం చేతికొచ్చినట్టే. నాగాయలంక శ్యాంబాబు మరీను. పోయిన పంట తెల్లమచ్చకే పోయింది. ఈసారీ పోతే చెరువు వదులుకోవాల్సిందే. అందుకే హేచరీ తొట్టిలోని పిల్లల్ని కొనేముందే సీసాలో పట్టి తెచ్చి, ల్యాబు కంప్యూటర్ తెర ముందే కూర్చున్నాడు.

సుభాషిణి వేలు పెట్టి చూపించింది. "ఇటు చివర నిచ్చెన మెట్లలా ఉన్నవి కొలత గీతలు బాబాయ్. ఇది జబ్బున్న నమూనా. ఆ కొలతల్లో తొమ్మిది వందలకీ వెయ్యికీ మధ్య వైరస్ గీత వచ్చింది. పక్కన ఉత్త నీళ్ళు, ఖాళీగానే ఉంది. అంటే కల్తీ లేదు."

"మరి నాది?"

"నీ పిల్లలకి రెండు వరసలు. ఒకటి తెల్లమచ్చ వైరస్‌కి, ఖాళీ. రెండోది రొయ్య సొంత డీఎన్‌ఏకి. అక్కడ గీత రావాలి, రాలేదు. నమూనాలోంచి డీఎన్‌ఏ సరిగా రాలేదన్నమాట. ఈ టెస్టు చెల్లదు. మళ్ళీ తీసి చేస్తాను, రేపటిదాకా ఆగు."

"ఆగుతాలే అమ్మాయ్," అన్నాడు. ఆమె లోపలికి వెళ్ళగానే తెరను ఫొటో తీసి, పిల్లల్ని దింపమని హేచరీకి పంపాడు. వైరస్ గీత లేదుగా! అతనికి కనిపించింది అదొక్కటే. ఆశపోతు కంటికి ఖాళీ కూడా వరమే. కోపమొస్తుంది నాకు, జాలీ వేస్తుంది.

మర్నాడు మధ్యాహ్నం, మళ్ళీ చేసిన టెస్టు జెల్ చూసింది సుభాషిణి. నీళ్ళ వరస ఖాళీ. రొయ్య సొంత గీత ఈసారి స్పష్టంగా వచ్చింది. వైరస్ వరసలో, జబ్బు నమూనా గీతకు సరిసమానంగా, అదే ఎత్తులో ఇంకో గీత. వెంటనే శ్యాంబాబుకి ఫోన్ చేసింది.

ఎత్తింది శ్యాంబాబు భార్య అమ్మాజీ. "ఆయన గట్టు మీదున్నారమ్మా. హేచరీ పిల్లల్ని పొద్దున్నే చెరువులో వదిలేశాం. దీపం పెట్టి నేనే మొదటి సంచి విప్పాను."

సుభాషిణి చెప్పాల్సింది చెప్పింది.

"గీత లేదని ఫొటో వచ్చిందిగా అమ్మా?"

"అది చెల్లని ఫొటో పిన్నీ. చెరువంతా బ్లీచింగ్ చల్లించండి. నీళ్ళు కాలవలోకి వదలొద్దు, పక్క చెరువులు కూడా పోతాయి."

"నా చేత్తో వదిలినవాటిని నా చేత్తోనే చంపమంటావా?"

"చంపాలి పిన్నీ," అంది సుభాషిణి. తన తండ్రికీ ఎవరో ఇదే చెప్పారు. ఫోన్ పెట్టేసి, తెర ముందే కూర్చుని ఏడ్చింది.