అబ్బా ఉత్తరం

పుంగనూరులో మా ఇంట్లో ఉర్దూ ఉత్తరాలు చదవగలిగింది మా అక్క, ఆపా ఒక్కతే. అమ్మీ రోజూ ఖురాన్ చదివేది గానీ, అందులో ప్రతి అక్షరానికీ జేర్, జబర్, పేష్ గుర్తులుంటాయి. అవి చూసి ఇకారమో, అకారమో, ఉకారమో పలికేది. కువైట్‌లో బట్టలు కుట్టే మా నాన్న, అబ్బా రాసే ఉత్తరాల్లో ఆ గుర్తులు ఉండేవి కావు. నేను తెలుగు మీడియం.

నేను పది పాసైన ఏడు వచ్చిన ఉత్తరాన్ని ఆపా గడపలో కూర్చుని చదివింది. "చిన్నదానికి ఇంక చదువు చాలు, ఇంటిపట్టున ఉండమను" అని. నేను అన్నం మానేసి ఏడ్చాను. ఆ తర్వాత అబ్బా ఎప్పుడైనా అంగడికి ఫోన్ చేస్తే నేను వెళ్లేదాన్ని కాదు. జబ్బు చేసి తిరిగొచ్చి, మూడు నెలల్లో చనిపోయాడు. ఆ మూడు నెలలూ నేను మొహం ముడుచుకునే మందులిచ్చాను.

నిరుడు అమ్మీ పోయాక ఉత్తరాల కట్ట నాకొచ్చింది. నలభై దాటిన వయసులో కుప్పంలో, మా వీధిలోని ఒక రిటైర్డ్ ఉర్దూ టీచరమ్మ దగ్గర చదవడం మొదలుపెట్టాను. అలిఫ్, సీన్ అక్షరాలు పక్కపక్కన కనిపిస్తే అది 'ఇస్' అయినా కావచ్చు, 'ఉస్' అయినా కావచ్చు. "ముందూ ఎనకా సూడమ్మా, వాక్యమే చెప్తుంది" అనేది ఆవిడ. ఇంట్లో మాట్లాడే మాటలు ఇట్టే పట్టుబడ్డాయి. పుస్తకాల మాటలకు మాత్రం మూస తెలియాలి.

నేను పది పాసైన ఏటి ఆ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. మొదట మీమ్, తర్వాత హే, రే, వావ్, చివర మళ్లీ మీమ్. ఎప్పుడూ వినని మాట. అంతకుముందే తెలిసిన మష్హూర్, మజ్లూమ్ అనే మాటలు గుర్తొచ్చాయి. వాటిదీ ఇదే మూస: మొదటి మీమ్‌కు అకారం, రెండో అక్షరానికి ఏ అచ్చూ లేదు, వావ్ దగ్గర ఊకారం. మహ్రూమ్. అర్థం టీచరమ్మ చెప్పింది, దక్కకుండా పోయినవాళ్లని. వాక్యమంతా కూడబలుక్కున్నాను: "ఛోటీ కో తాలీమ్ సే మహ్రూమ్ మత్ కర్నా." చిన్నదానికి చదువు దక్కకుండా చెయ్యొద్దు. మదనపల్లె కాలేజీలో చేర్చమని కింద వరసలో ఉంది.

మర్నాడే ఆపా ఉండే మదనపల్లెకు బస్సెక్కాను. ఆపా ఉత్తరం చూసి ముందు అడిగిన మాట, "గుర్తులు లేకుండా యెట్ల చదివినావే నువ్వు?"

ఒళ్లు మండిపోయింది. ఎందుకిట్ల చేశావని అరిచాను.

"నాకు పెండ్లి కుదిరిండె. నువ్వు కూడా పోతే అమ్మీని యెవురు సూస్తారు?" తలొంచుకుని అంది. "జవాబు కూడా నేనే రాసినా. సదువు నాకొద్దని నువ్వే అన్నావని."

అబ్బా నన్ను చదువు సంగతి ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది. నేనే వద్దన్నాననుకుని పోయాడు.