బోర్డు మీద పేరు

నరసరావుపేట చుట్టుపక్కల త్రికోటేశ్వరరావు కట్టని గోడ తక్కువ. బడి ప్రహరీలు, సైడు కాలవలు, అంగన్‌వాడీ గదులు, ఎన్నని చెప్పను! అయితే వాటి దగ్గర పెట్టే బోర్డుల్లో ఒక్కదాని మీద కూడా అతని పేరుండదు. లైసెన్సు శేషగిరిరావుది, చెమట మాత్రం ఇతనిది. పెయింటరుకిచ్చే డబ్బులు మిగుల్తాయని ఆ బోర్డులు కూడా ఇతనే రాసేవాడు. "కాంట్రాక్టరు: కె. శేషగిరిరావు" అని కళ్లు మూసుకుని రాయగలడు.

ఈ ఏడు మాత్రం కోటేశుకి పౌరుషం పుట్టింది. బెల్లంకొండ బడికి తను కట్టిన ప్రహరీ దగ్గర ఎవరో, "శేషగిరిగారు బాగా కట్టించారండీ" అన్నారు. ఆ రోజు అన్నం సయించలేదు. కాళ్లరిగేలా తిరిగి సొంత పేరున అయిదో తరగతి కాంట్రాక్టరుగా రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. అదే బడికి అదనపు గదుల టెండరు పడిందని తెలియగానే షహనాజ్ నెట్ సెంటరుకి పరిగెత్తాడు. ఊళ్లో చిన్న కాంట్రాక్టర్ల టెండర్లన్నీ ఆన్‌లైన్లో ఎక్కించేది ఆ అమ్మాయే.

"రేటు ఎంత తక్కువకి కోట్ చేద్దామంటావ్, అమ్మాయ్?"

"రేటు చివర్న బాబాయ్, ముందు అర్హతలు చూద్దాం. వాళ్లు ముందు తెరిచేది టెక్నికల్ బిడ్డే. అందులో పోతే నీ రేటు తెరిచి కూడా చూడరు" అంటూ నోటీసు కిందికి జరిపింది షహనాజ్.

రిజిస్ట్రేషన్ తరగతి సరిపోయింది. పాన్, జీఎస్టీ ఉన్నాయి. ఈఎండీ, అంటే ధరావతు, అంచనా విలువలో నూటికి ఒక రూపాయి; అదీ సిద్ధంగానే ఉంది. ఆ తరవాతి షరతు దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఇలాంటి పని ఈ అయిదేళ్లలో ఒకటన్నా సొంత పేరున చేసుండాల. ఈఈ గారు, అదే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, ఇచ్చిన సర్టిఫికెట్ పెట్టాల. సబ్ కాంట్రాక్టు అనుభవం లెక్కలోకి రాదని రాశారు బాబాయ్."

కోటేశు స్క్రీను మీదికి వంగాడు. "ఆ ప్రహరీ, అంగన్‌వాడీ గదులు అన్నీ నేనే గదమ్మా కట్టింది!"

"కట్టింది నువ్వే. కాగితం మీద శేషగిరిగారు."

అక్కణ్ణించే శేషగిరిరావుకి ఫోన్ చేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. "ఒరేయ్ కోటేశూ, నా దగ్గర చేశావని నేను రాసిస్తాగా, దానికేంది!" అన్నాడు నిండు మనసుతో. ఇంతకాలం ఇద్దరూ మాట మీదే నడిచారు మరి, మాట చాలదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

షహనాజ్ తల అడ్డంగా ఊపింది. "ఆయన రాసిస్తే చెల్లదు బాబాయ్. కొందరు దొంగ సర్టిఫికెట్లు పుట్టిస్తారు గానీ, దొరికితే ఈఎండీ పోద్ది, బ్లాక్‌లిస్టులో పడతావ్. నేనైతే ఎక్కించను."

కోటేశుకి ఎవరిని తిట్టాలో తెలియలేదు. షరతు పెట్టినవాళ్లనా? ముక్కూమొహం తెలియనివాడికి పిల్లల బడి అప్పజెప్పమంటే తను మాత్రం అప్పజెబుతాడా? చివరికి, "అనుభవం అడగని పనేదన్నా ఉందేమో చూడమ్మా" అన్నాడు.

ఉంది. అచ్చంపేటలో చిన్న సైడు కాలవ. అంత చిన్న పనికి అనుభవం షరతు పెట్టలేదు. గడువు మర్నాడు సాయంత్రం. "ఈఎండీ ఇప్పుడే కట్టేద్దాం. రేపు ఆఖరి గంటలో బ్యాంకు సర్వరు మొరాయిస్తే మనల్ని ఎవరూ ఆదుకోరు" అంటూ కాగితాలు స్కాన్ చేసింది. రేటు విడిగా ప్రైస్ బిడ్‌లో నింపింది. మధ్యలో ఒకచోట చెయ్యి ఆపి అతని వంక చూసింది.

"సొంతంగా చేసిన పనుల వివరాలు అడిగాడు బాబాయ్. ఏం రాయమంటావ్?"

గోడలన్నీ ఒక్కసారి కళ్లముందు నిలబడ్డాయి. కొన్నిటికి అతను పండగ పూట కూడా నీళ్లు పట్టాడు.

"లేవు అని రాయమ్మా" అన్నాడు కోటేశు.

టెక్నికల్ బిడ్‌లో నిలిచాడు. ప్రైస్ బిడ్లు తెరిస్తే అందరికన్నా ఇతనిదే తక్కువ. మిగతా డిపాజిట్ కట్టి అగ్రిమెంటు రాసుకున్నాడు. దీంట్లో మిగిలేది కూలీల టీలకి సరిపోతే గొప్ప. అయినా, పని అయ్యాక ఈఈ సంతకంతో వచ్చే సర్టిఫికెట్ కోసమే అతని ఆశంతా.

పని మొదలుపెట్టే రోజు భార్య సుభాషిణిని వెంటబెట్టుకుని అచ్చంపేట వెళ్లాడు. బోర్డు తనే రాస్తానని కూర్చున్నాడు. పని పేరు రాశాడు, అంచనా విలువ రాశాడు, "కాంట్రాక్టరు" అని రాశాడు. ఆ పక్కన కుంచె ఆగకుండా సాగిపోయింది.

"ఏందయ్యా అది?" అంది సుభాషిణి.

చూసుకుంటే, "కె. శేష" వరకూ వచ్చేసింది.

ఇద్దరూ పగలబడి నవ్వారు. తరవాత కోటేశుకి నవ్వు ఆగి కళ్లు తడిశాయి. సుభాషిణి పాతగుడ్డని కిరసనాయిల్లో ముంచి అందించింది. అతను ఆ అక్షరాలు తుడిచేసి, ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుంటూ తన పేరు రాసుకున్నాడు.