అమ్మ చేతికి శాంతమ్మ చెప్పిన పోలిక

1999 జనవరి. నేను పుంగనూరు హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. అమ్మ తుంటి ఎముక విరిగి మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రిలో ఉండేది. బడి వదలగానే బస్సెక్కి వెళ్లేవాణ్ణి. ఆ వార్డు ఆయా శాంతమ్మకు ముప్ఫై ఏళ్లుంటాయి. నా ఉద్యోగం సంగతి తెలిసిన రోజే పుస్తకం పట్టుకొచ్చింది. పదో తరగతికి ప్రైవేటుగా కట్టి రెండుసార్లూ తెలుగులోనే తప్పిందట. ఈసారి పాసైతే నర్సు ట్రైనింగుకు పంపుతామని మేట్రన్ మాటిచ్చారు. పై ఏడాదికి వయసు దాటిపోతుంది.

"మిగతావి ఎట్లో గట్టెక్కినాను సారూ. ఈ అలంకారాలే తలకెక్కలేదు" అంది.

నోట్సు తెరిస్తే ఉపమాలంకారానికి ఉదాహరణ ఇలా ఉంది: "ఏనుగు చంద్రబింబము వలె అందముగా ఉన్నది."

నాకు ఒళ్లు మండింది. "చంద్రబింబంతో పోల్చేది ముఖాన్ని. ముఖం ఉపమేయం, అంటే మనం వర్ణించేది. చంద్రబింబం ఉపమానం, అంటే పోల్చేది. అందం రెండింటికీ ఉన్న గుణం, సమానధర్మం. వలె అనేది ఉపమావాచకం. ఏనుగు ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా?"

"అది ఇంకో అలంకారంలోది సారూ. రెండూ కలిసిపోయినాయి. పలమనేరు పక్కకు ఏనుగులొస్తాయంటారు, నేను యాడ సూసినాను?"

"అయితే నువ్వు చూసిందే చెప్పు!" అన్నాను, విసుగ్గానే.

ఆవిడ అమ్మ చెయ్యి దుప్పటి మీదికి సర్దుతోంది. "అవ్వ చెయ్యి ఎండిన చింతకాయ తొక్క మాదిరి పెళుసుగా ఉండాది సారూ. గట్టిగా పట్టుకోవాలంటే బయం" అంది.

చెయ్యి ఉపమేయం, చింతకాయ తొక్క ఉపమానం, పెళుసుదనం సమానధర్మం, మాదిరి ఉపమావాచకం. నాలుగూ అమిరాయి. పది రోజులుగా అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నవాణ్ణి నేను. నాకు తోచలేదు. సిగ్గేసింది, దుఃఖమూ వచ్చింది.

ఉత్ప్రేక్షకు మరో నాలుగు రోజులు పట్టింది. ఉపమలో ఇది దానిలా ఉందంటాం. ఉత్ప్రేక్షలో ఏదో ఒక పోలిక ఆధారంగా ఇది అదేనేమో అని ఊహిస్తాం, పుస్తకంలో ఏనుగును నడిచే కొండేమో అన్నట్టు.

"డాక్టరు రేపు వస్తాడేమో. ఇది ఉత్ప్రేక్షే కదా సారూ?"

"కాదు. అది వట్టి అనుమానం. ఏమో అంటే చాలదు. ఒకదాన్ని చూసి, దాంట్లో ఇంకొకటి ఊహించాలి."

మర్నాడు నేను వార్డులో అడుగు పెట్టగానే ఆవిడ డ్రిప్పు సీసా చూపించింది. "సుక్కలు ఒగటొగటే పడతాండాయి కదా. ఆ సీసా అవ్వకి ఇంకా ఉండే దినాలను ఎంచి ఎంచి ఇస్తాండాదేమో అనిపిస్తాది సారూ."

చుక్కలు పడడం ఉపమేయం, దినాలు ఎంచి ఇవ్వడం ఉపమానం. ఒక్కొక్కటిగా, ఆగి ఆగి జరగడం రెండింటికీ ఉంది. సీసా ఎంచదని చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. అయినా ఊహిస్తున్నాం, అదీ ఉత్ప్రేక్ష. మంచం మీంచి అమ్మ, "అట్లయితే ఇంగో సీసా పెట్టు తల్లీ" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

అంత మెచ్చుకున్నవాణ్ణి, చివరికి ఏం చెప్పానో వినండి. "పరీక్షలో మాత్రం చంద్రబింబం, ఏనుగే రాయి. దిద్దేవాళ్ల దగ్గర కీ ఉంటుంది." కీ అంటే బోర్డు ఇచ్చే నమూనా జవాబులు. అందులో లేనిది కనిపిస్తే చాలామంది కొట్టేస్తారు.

"మీరూ కొట్టేస్తారా సారూ?"

అబద్ధం చెప్పలేకపోయాను. అంతకు ముందు కుప్పంలో పనిచేసినన్నాళ్లూ స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లేవాణ్ణి. ఉపాధ్యాయులంతా ఒకచోట కూర్చుని పేపర్లు దిద్దే పని అది. పిల్లలు సొంతంగా రాసిన ఉదాహరణలను చదవకుండానే ఎర్ర గీత గీసేవాణ్ణి.

పరీక్షలయ్యాక శాంతమ్మ, అప్పటికి ఇంటికి చేరిన అమ్మను చూడడానికి పుంగనూరు వచ్చింది. "రెండు అలంకారాలూ వచ్చినాయి సారూ. నావే రాసేసినాను. ఏనుగును నమ్ముకుని రెండుసార్లు తప్పినాను, ఇంగ సాలు" అంది. నేను కోప్పడ్డాను. ట్రైనింగు పోగొట్టుకున్నావే అని కూడా అనేశాను. ఆవిడ అమ్మకు కాళ్లు ఒత్తి వెళ్లిపోయింది. ఫలితాలు వచ్చేదాకా ఆ మాట నన్ను పీకుతూనే ఉంది.

మే నెలలో మార్కుల మెమో తీసుకుని వచ్చింది. తెలుగులో ముప్ఫై ఏడు. పాసుకు ముప్ఫై ఐదు కావాలి. పేపర్లో అలంకారాలకు ఉన్నవి నాలుగు మార్కులు. అవి పోయుంటే ముప్ఫై మూడే.

ఆ జూన్ నుంచి తరగతిలో అలంకారాలకు నోట్సు చెప్పించడం మానేశాను. ముందు పిల్లలనే ఏదైనా చూసి రమ్మంటాను, తర్వాతే లక్షణం చెబుతాను. శాంతమ్మ నర్సమ్మ అయ్యాక కూడా పండక్కి కేకు పంపుతూనే ఉంది, మీవల్లే అంటూ. నావల్ల కాదు. ఆ పేపరు దిద్దిన వారెవరో నాకు తెలియదు. కీ పక్కన పెట్టి, చింతకాయ తొక్క దగ్గర ఒక్క క్షణం ఆగి చదివారు. అది నా బల్ల మీదికి వచ్చి ఉంటే శాంతమ్మ మూడోసారీ తప్పేది.